జుట్టు పెరుగుతూనే ఉంది, మరి పొడవు ఎందుకు రావడం లేదు?

"మా అమ్మాయి జుట్టు అస్సలు పెరుగుతలేదు. రెండేళ్ల నుంచి భుజాల దగ్గరే ఆగింది." చిట్యాలలో తల్లులు తరచూ చెప్పుకునే మాట ఇది.

నిజంగా ఆగిందా? అదే ఇంట్లో తెల్ల జుట్టుకు మెహందీ పెట్టుకునే నానీ తల చూడండి. పెట్టిన నెలకు కుదుళ్ల దగ్గర సుమారు ఒక సెంటీమీటరు తెల్లగా బయటపడుతుంది. చాలామందికి జుట్టు పెరిగే వేగం ఇదే. ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు. మనవరాలి జుట్టు కూడా దాదాపు ఇలాగే పెరుగుతుంది. కానీ నల్ల జుట్టు మీద ఆ గీత కనిపించదు.

మరి పొడవు ఎందుకు రాదు? మొదటి కారణం, ప్రతి వెంట్రుకకూ ఒక గడువు ఉంటుంది. తలపై వెంట్రుక సాధారణంగా రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది. తర్వాత రెండు మూడు నెలలు ఆగి రాలిపోతుంది. అదే కుదురులో కొత్తది మొదలవుతుంది. ఏడాదికి 12 సెంటీమీటర్ల లెక్కన, గడువు మూడేళ్లయితే వెంట్రుక 36 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఆరేళ్లయితే 72 వరకు, అంటే దాదాపు నడుము దాకా వస్తుంది. ఈ గడువు చాలావరకు పుట్టుకతో వచ్చేది. ఏ నూనె రాసినా అది మారదు.

రెండో కారణం, కొసలు తెగిపోవడం. పైన నెలకు సెంటీమీటరు పెరిగి, కింద అంతే తెగితే పొడవు ఉన్నచోటే ఉంటుంది. తడి జుట్టు తొందరగా సాగి తెగుతుంది. తల ఆరకముందే దువ్వడం, బిగించి జడ వేసి స్కార్ఫ్ కట్టడం వల్ల నష్టం ఎక్కువ. కొబ్బరి నూనె వేగం పెంచదు కానీ రాపిడి తగ్గిస్తుంది. కొసలు కత్తిరిస్తే చీలికలు పోతాయి, అంతేగానీ పెరుగుదల వేగం కాదు. జుట్టు తయారయ్యేది చర్మం కింద ఉన్న కుదురులో.

మీ ఇంట్లో ఏది జరుగుతుందో దువ్వెన చెబుతుంది. దానిలో చిక్కిన వెంట్రుకలను తెల్ల కాగితం మీద పెట్టండి. ఒక కొసన చిన్న తెల్లటి ఉండ ఉంటే అది కుదురు నుంచి రాలింది. ఉండ లేకుండా పొట్టి ముక్కలే ఎక్కువుంటే జుట్టు తెగుతోంది. అప్పుడు దువ్వే పద్ధతి మార్చాలి.

ఉండ ఉన్న వెంట్రుకలు ఒక్కసారిగా గుప్పెళ్లుగా వస్తే, రెండు మూడు నెలల కింద ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. కాన్పు, తీవ్ర జ్వరం, ఒక్కసారిగా బరువు తగ్గడం లాంటివి చాలా వెంట్రుకలను గడువుకు ముందే ఆపేస్తాయి. కాన్పు తర్వాత రాలినది సాధారణంగా ఏడాదిలోపు తిరిగి వస్తుంది. ఆరు నెలలు దాటినా రాలడం తగ్గకపోతే, లేదా నీరసం, ఆయాసం, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం ఉంటే డాక్టర్‌కు చూపించి రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఐరన్ తక్కువైతే ముందు సరిచేయాల్సింది దాన్నే.