ఏదో మారిందని మనసు చెబితే

హైదరాబాదులో ఒక జంటను ఊహించుకుందాం. పెళ్లయి ఏడేళ్లు, నాలుగేళ్ల పాప. పాప పుట్టాక ఆమె ఉద్యోగం మానేసింది. అతను సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడు. ఇంజనీరింగ్ రోజుల నుంచీ అతనికి ఒక స్నేహితురాలుంది. వీళ్ల పెళ్లికి వచ్చింది, పాప అన్నప్రాశనకి వచ్చింది, ఓసారి భోజనానికి పిలిస్తే చొరవగా వంటింట్లోకి వచ్చి అప్పడాలు వేయించి పెట్టింది కూడా. ఇన్నేళ్లుగా ఆ పేరు వింటే ఇల్లాలికి ఏమీ అనిపించలేదు. రెండు నెలలుగా మాత్రం అతని ఫోనులో ఆ పేరు మెరిస్తే చాలు, కడుపులో తిప్పినట్టవుతోంది.

మనసు ఏదో పసిగట్టిందా, లేక తనలోని దిగులే ఇలా ఆడిస్తోందా? ఈ ప్రశ్నకు చాలామంది జవాబు వెతికే చోటు, ఆ బాధ ఎంత గట్టిగా ఉందన్నది. ‘ఇంతలా అనిపిస్తోందంటే ఏదో ఉండే ఉంటుంది’ అనుకుంటారు. అసలు చిక్కంతా అక్కడే. నిజంగా మోసం జరుగుతున్నప్పుడు గుండె ఎలా దడదడలాడుతుందో, ఏమీ జరగకుండా భయపడినప్పుడూ అలాగే దడదడలాడుతుంది. నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం రెండింటిలోనూ ఒకటే. బాధ తీవ్రతను బట్టి నిజం తేలదు.

మరి దేన్ని బట్టి తేలుతుంది? ఈ విషయంలో నాకు అన్నిటికంటే అక్కరకొచ్చినట్టు కనిపించేది, దాంపత్యంతో ఏమాత్రం సంబంధం లేని ఒక పరిశోధనా వ్యాసం. డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు మనిషి అంతర్బుద్ధి మీద నమ్మకం తక్కువ. గ్యారీ క్లైన్ అనే మరో శాస్త్రవేత్త అగ్నిమాపక దళాల నాయకులను దగ్గరగా చూసినవాడు. కాలుతున్న ఇంట్లో వాళ్లు క్షణంలో తీసుకునే నిర్ణయాలు ఎంత సరిగ్గా ఉంటాయో తెలిసినవాడు. ఈ ఇద్దరూ కొన్నేళ్లు కూర్చుని వాదించుకుని, చివరికి ఒకే మాట మీదకు వచ్చి 2009లో కలిసి రాశారు. అంతర్బుద్ధిని నమ్మాలంటే రెండు ఉండాలి. మనం చూస్తున్న దానికి ఒక స్థిరమైన తీరు ఉండాలి. ఆ తీరును చాలాకాలం చూసి, మన అంచనా తప్పో ఒప్పో వెంటవెంటనే తెలుసుకుని నేర్చుకునే వీలుండాలి. ఈ రెండూ లేని చోట ఎంత గట్టిగా అనిపించినా దానికి విలువ లేదు. మనకున్న నమ్మకం, అది నిజమనడానికి రుజువు కాదని కూడా వాళ్లు తేల్చారు.

దీన్ని మన జంటకు పెట్టి చూద్దాం. ఏడేళ్లుగా ఆమె రోజూ చూస్తున్నది భర్తనే. చెప్పులు విప్పే తీరును బట్టి ఆఫీసులో రోజు ఎలా గడిచిందో చెప్పగలదు. చెప్పి, అడిగి, తప్పయితే దిద్దుకుని నేర్చుకుంది. అంటే భర్త నడవడిక విషయంలో ఆమెకు నిజమైన నైపుణ్యం ఉంది. ‘ఈయనలో ఏదో మారింది’ అని అనిపిస్తే దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ ‘ఎందుకు మారింది’ అన్నది వేరే ప్రశ్న. అందులో ఆమెకు అనుభవం లేదు. భర్త ఎన్నిసార్లు దారి తప్పాడు కనుక, ఎన్నిసార్లు అంచనా వేసి సరిచూసుకుంది కనుక? ఆ స్నేహితురాలి మనసులో ఏముందో అన్న విషయంలో అయితే ఆమె మనలాగే బయటి మనిషి. మారిందని చెప్పే మనసును నమ్మవచ్చు. కారణం కూడా అదే నోటితో చెబితే మాత్రం ఆగాలి.

ఆ రెండూ విడదీయడానికి నోటుపుస్తకం చాలు. ఓ రెండు వారాలు, కంటితో చూసింది ఒక పక్క, మనసు అల్లుకున్నది ఇంకో పక్క రాయాలి. మన ఇల్లాలు రాసిన కాగితం ఇలా ఉందనుకుందాం. చూసినవి: ఇంటికి రాగానే ఆఫీసు కబుర్లు చెప్పేవాడు, ఇప్పుడు చెప్పట్లేదు. ఫోను వస్తే బాల్కనీలోకి వెళ్తున్నాడు, ఇదివరకు సోఫాలోనే మాట్లాడేవాడు. మంగళవారం ‘మీటింగ్’ అన్నాడు, ఆ సాయంత్రం ఆమెతో కాఫీ తాగినట్టు తర్వాత మాటల్లో బయటపడింది. అల్లుకున్నవి: ఆమె ఇంకా సన్నగానే ఉంది. ఆమెకు టీమ్ లీడ్ ఇచ్చారట, నాకు పాల ప్యాకెట్ల లెక్క తప్ప ఏం తెలుసు. ఆమెతో అయితే అతను నవ్వుతాడు.

రెండో పక్క ఉన్నవాటిలో భర్త ఎక్కడా లేడు చూడండి. నవ్వు మాట వచ్చినా, అది కూడా ఆమెకీ తనకీ పోలికే. అసూయ మీద పనిచేసిన డేవిడ్ డిస్టెనో, పీటర్ సలోవే 1996లో చూపించింది ఇదే: పోటీగా కనిపించే మనిషి మనకు ముఖ్యమనిపించే విషయంలో మనకంటే మెరుగ్గా ఉంటే అసూయ ఎక్కువ మండుతుంది. చదువే లోకమనుకునేవాళ్లకు తెలివైన స్నేహితురాలు గుచ్చుకుంటుంది, అందం గురించి మథనపడేవాళ్లకు అందగత్తె. వదులుకున్న ఉద్యోగం మీద దిగులున్న ఇల్లాలికి టీమ్ లీడ్ గుచ్చుకోవడంలో వింత లేదు. ఆ బాధ నిజమైనదే. కానీ అది భర్త గురించిన సమాచారం కాదు. ఆ స్నేహితురాలు రేపు అమెరికా వెళ్లిపోయినా, ఆ దిగులు ఇంకో పేరు వెతుక్కుంటుంది.

మొదటి పక్క ఉన్న మూడూ వేరే రకం. అవి తేదీతో సహా చెప్పగలిగినవి, పాత అలవాటుతో పోల్చి చూపగలిగినవి. వీటిని ఎలా చదవాలో అమెరికాలోని బాల్టిమోర్‌లో జంటలకు చికిత్స చేసిన షర్లీ గ్లాస్ అనే మనస్తత్వవేత్త చెప్పింది. స్నేహాలు మెల్లగా హద్దు దాటడం గురించి ఆమె రాసిన పుస్తకం 2003లో వచ్చింది. ఆమె లెక్కలో, మంచి దాంపత్యంలో భార్యాభర్తల మధ్య కిటికీ ఉంటుంది, బయటివాళ్లకూ వాళ్లకూ మధ్య గోడ ఉంటుంది. ప్రమాదం మొదలైనప్పుడు ఆ రెండూ చోటు మార్చుకుంటాయి: ఇంటి కష్టం స్నేహితురాలికి తెలుస్తుంది, ఆ స్నేహం సంగతి భార్యకు తెలియదు. కాబట్టి ఆ స్నేహితురాలు ఎంత దగ్గర అన్నది అడగాల్సిన ప్రశ్న కాదు. పదిహేనేళ్ల స్నేహం దగ్గరగానే ఉంటుంది, ఉండనివ్వాలి కూడా. కిటికీ ఎటువైపు ఉందన్నదే ప్రశ్న. భార్య పక్కన ఉన్నప్పుడు ఆ ఫోను మాట్లాడే తీరు మారుతుందా? ముగ్గురూ కలిసినప్పుడు ఇల్లాలు ఆ మాటల్లో మనిషిగా ఉంటుందా, కాఫీ తెచ్చే చెయ్యిగా మిగులుతుందా?

ఇక అడగడం. మనవాళ్లు ఎక్కువగా చేసే పని, అల్లుకున్న పక్క నుంచి మొదలుపెట్టడం: ‘దానికీ నీకూ ఏమిటి?’ ఆ ప్రశ్నకు ‘ఏమీ లేదు’ తప్ప ఇంకో జవాబు ఉండదు, అది నిజమైనా అబద్ధమైనా. చూసిన పక్క నుంచి అడిగితే వేరేగా ఉంటుంది. “ఇదివరకు రాగానే అన్నీ చెప్పేవాడివి. రెండు నెలలుగా చెప్పట్లేదు. మంగళవారం మీటింగ్ అన్నావు, కాఫీకి వెళ్లావు. అది నాకెందుకు చెప్పలేదు?” ఇందులో నింద లేదు, తప్పించుకునే చోటూ లేదు.

మన కథలో అతను చాలాసేపు మాట్లాడలేదనుకుందాం. తర్వాత చెప్పాడు: కంపెనీలో మనుషులను తీసేస్తున్నారు, తన పేరు కూడా ఉండొచ్చు. ఇంటి లోను ఉంది. భార్యకు చెబితే భయపడుతుందని చెప్పలేదు. స్నేహితురాలి కంపెనీలో ఖాళీ ఉందేమోనని ఆమెతో మాట్లాడుతున్నాడు. అంటే మార్పు గురించి ఇల్లాలి మనసు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కారణం గురించి చెప్పింది తప్పు. అలాగని ‘ఓస్, ఇంతేనా’ అనుకుని వదిలేసేది కూడా కాదు. ఇంటి కష్టం ముందు బయటికి వెళ్లింది, భార్యకు అబద్ధం వచ్చింది. ప్రేమ వ్యవహారం కాకపోయినా గోడ గోడే. దాని గురించి ఆ జంట మాట్లాడుకోవాల్సిందే. స్నేహితురాలిని మానెయ్యమనడం వల్ల అది తీరదు.

జవాబు వచ్చాక ఏమవుతుందన్నది ఇంకో గుర్తు. పసిగట్టిన మనసు ఒక చోటే నిలబడి ఉంటుంది: ఆ బాల్కనీ, ఆ మంగళవారం. వాటికి సరైన జవాబు దొరికితే సద్దుమణుగుతుంది, దొరకకపోతే మళ్లీ అదే అడుగుతుంది. అభద్రత అలా కాదు. జవాబు వచ్చిన సాయంత్రం హాయిగా ఉంటుంది, మర్నాడు పొద్దున ప్రశ్న మారిపోతుంది. ‘సరే, ఉద్యోగం కోసమే. మరి ఆ ఫొటోకి లైక్ ఎందుకు కొట్టాడు?’ ఫోను తీసి చూడటం ఈ మంటకు నెయ్యి. 2009లో కెనడాలో అమీ మ్యూస్, సహచరులు కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, ఫేస్‌బుక్ మీద ఎక్కువ సమయం గడిపేవాళ్లలో అక్కడ పుట్టే అసూయ కూడా ఎక్కువగా కనిపించింది. పరిశోధకులు దాన్ని వలయంలా వివరించారు: సందర్భం తెలియని ఒక మాటో ఫొటోనో కనిపిస్తుంది, అనుమానం వస్తుంది, తీర్చుకోవడానికి ఇంకా వెతుకుతారు, ఇంకొకటి కనిపిస్తుంది. రహస్యంగా ఫోను చూసే ఇల్లాలు కూడా తన వైపు ఒక గోడ కడుతున్నట్టే.

ఇంతవరకు చెప్పిందంతా అవతలి మనిషి అడిగినదానికి జవాబు చెప్పే రకం అయితేనే పనిచేస్తుంది. చూసిన విషయాన్ని తేదీతో సహా చెప్పినా ‘నీకు అనుమానం పిచ్చి’ అని ప్రతిసారీ ప్రశ్ననే తిప్పికొట్టేవాళ్లు ఉంటారు. ఆడవాళ్లు తరచు వినే మాట ఇది. అదే భర్తకు భార్య స్నేహితుడి మీద అనుమానం వస్తే, అదేదో బాధ్యత అన్నట్టు చుట్టాలే వంతపాడతారు, ఆమె ఫోను లాక్కుంటారు. లోకం ఈ తూకం ఎప్పుడూ సమంగా వెయ్యలేదు. మరో చిక్కు, ఇంతకుముందు ఒకసారి నిజంగా మోసపోయినవాళ్లది. వాళ్ల మనసు పాత మనిషి మీద నేర్చుకున్నది కొత్త మనిషి మీద ప్రయోగిస్తుంది. వాళ్లకు రెండు పక్కల కాగితం మరీ అవసరం. ఒంటరిగా కాకుండా కౌన్సెలర్ దగ్గర కూర్చుని రాస్తే మంచిది.

చివరగా, కాగితాలు పనికిరాని చోటు ఒకటుంది. ఏ జవాబుకూ, ఏ రుజువుకూ తగ్గని అనుమానం, వెంబడించడం, బట్టలు వాసన చూడటం, గదిలో పెట్టి తాళం వేయడం, చెయ్యి చేసుకోవడం. 1955లో టాడ్, డ్యూహర్స్ట్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని షేక్‌స్పియర్ నాటకంలోని ఒథెల్లో పేరుతో వర్ణించారు. తాగుడు వ్యసనం ఉన్నవాళ్లలో ఇది వైద్యులకు తెలిసిన సమస్యే. దీనికి మానసిక వైద్యుడి చికిత్స కావాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. దెబ్బలు తింటున్న మనిషి ముందు చూసుకోవాల్సింది తన ప్రాణం. మహిళలకు 181 ఉంది.