పట్టికలో గీతలు ఎవరివి?

ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ చదివిన ప్రతివారికీ తెలిసిన పుస్తకం పీఎంబాక్. అమెరికాకు చెందిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ప్రచురిస్తుంది. 2017లో వచ్చిన దాని 6వ కూర్పులో రిస్కులను కొలవడానికి ఒక నమూనా పట్టిక ఉంది. ఆలస్యం 6 నెలలు దాటితే ‘చాలా ఎక్కువ’, 1 నుంచి 4 వారాలైతే ‘తక్కువ’. అదనపు ఖర్చు 50 లక్షల డాలర్లు దాటితే ‘చాలా ఎక్కువ’, లక్ష డాలర్లలోపు అయితే ‘చాలా తక్కువ’. ఇది ఉదాహరణ మాత్రమే. అయినా ఇలాంటి పట్టికలను ఉన్నవి ఉన్నట్టు తమ ప్లానులోకి ఎత్తి పెట్టుకునేవాళ్లు చాలామంది.

అలా ఎత్తి పెట్టుకుంటే ఏమవుతుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. ఒక చిన్న పట్టణంలో ముగ్గురు అన్నదమ్ములు 4 కోట్లతో ఫంక్షన్ హాలు కడుతున్నారు. డిసెంబరు నెలాఖరుకు పని పూర్తి కావాలి. జనవరి చివర్లో వచ్చే మాఘ ముహూర్తాలకు అప్పుడే అడ్వాన్సులు తీసుకున్నారు. వీళ్ల ప్లానులో ఆ పట్టిక పెడితే 80 లక్షల అదనపు ఖర్చు, అంటే మొత్తం బడ్జెట్‌లో ఐదో వంతు, ‘చాలా తక్కువ’ గడిలో పడుతుంది. పెళ్లి ముహూర్తం దాటిపోయే ఆలస్యం ‘తక్కువ’ అవుతుంది. పట్టిక చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది.

కాబట్టి పట్టిక గీయడానికి ముందు ఇంజనీరు వాళ్లను కూర్చోబెట్టి అడగాలి. మొదట తెలియాల్సింది రిస్క్ అపెటైట్. లాభం కోసం దేని విషయంలో ఎంత అనిశ్చితికి సిద్ధపడతారన్నది. ఈ అన్నదమ్ములకు హాలు మధ్యలో స్తంభాలు ఉండకూడదు. అలాంటి హాలుకు అద్దె ఎక్కువ వస్తుంది. అందుకని ఆ ఊళ్లో ఇంతవరకు ఎవరూ వేయని ఉక్కు పైకప్పుకు సిద్ధపడ్డారు. ఖర్చు కాస్త అటూ ఇటూ అయినా వాళ్లకు ఇష్టమే. తేదీ విషయంలో మాత్రం ఆ ధైర్యం లేదు. జనం ప్రాణాల దగ్గర రిస్కుకు అసలు ఒప్పుకోరు. అపెటైట్ అనేది ప్రాజెక్టు మొత్తానికి ఒకటే మాటగా ఉండదు. ఖర్చుకు ఒకటి, తేదీకి ఒకటి, భద్రతకు ఒకటి ఉంటుంది.

దిశ తెలిశాక అంకె కావాలి. అదే టాలరెన్స్, అనుకున్నదాని నుంచి ఎంత పక్కకు జరిగినా భరించగలరన్నది.

“ఎన్ని రోజులు లేటైతే పరవాలేదండీ?”

“పది పదిహేను రోజులంటే సర్దుకుంటాం. ఆపైన అడ్వాన్సులు వెనక్కివ్వాలి. ఒక్క పెళ్లి పాడుచేస్తే ఈ ఊళ్లో మళ్లీ మన గడప ఎవరు తొక్కుతారు?”

డబ్బు సంగతి అడిగితే 40 లక్షల వరకు చీటీలు పాడి సర్దగలమనీ, అది దాటితే పొలం అమ్మాలనీ తేలింది. ముగ్గురూ ఒకే అంకె చెప్పకపోవచ్చు. ఒకరు 60 అంటారు, ఇంకొకరు 25 అంటారు. ఆ తేడా అక్కడే తేలాలి. పని సగంలో ఉండగా బయటపడితే తగువవుతుంది.

ఇప్పుడు పట్టికలో మొదటి గీత ఎక్కడ పడాలో తెలిసింది. భరించలేమన్న చోటే ‘చాలా ఎక్కువ’ మొదలవాలి. అంటే 15 రోజులు, 40 లక్షలు. రెండో కొసన, జరిగినా ఎవరూ పట్టించుకోని స్థాయి ఉంటుంది. వీళ్లకు అది 2 రోజులు, 4 లక్షలు. మధ్య గీతలు ఈ రెండింటి నడుమ పడతాయి. 4 రోజులు లేదా 10 లక్షల వరకు ‘తక్కువ’, వారం లేదా 20 లక్షల వరకు ‘మధ్యస్థం’, 15 రోజులు లేదా 40 లక్షల వరకు ‘ఎక్కువ’. ఇక్కడ తప్పకుండా ఒక పరీక్ష పెట్టాలి. ఒకే వరుసలో ఉన్న రెండు అంకెలు యజమానికి ఒకే స్థాయి దెబ్బ కావాలి. “వారం ఆలస్యం, 20 లక్షల నష్టం మీకు సమానమేనా?” అని అడిగితే చాలు. కాదంటే గీత జరపాలి.

తర్వాత మార్కులు. సంభావ్యతకు 1 నుంచి 5, ప్రభావానికీ 1 నుంచి 5 వేసి గుణించడం చాలాచోట్ల అలవాటు. ఇందులో ఎక్కడ దెబ్బ తింటామో రెండు రిస్కులతో చూద్దాం. అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ 3 వారాలు ఆలస్యమయ్యే అవకాశం 20 శాతం ఉందనుకుందాం. సంభావ్యత ‘తక్కువ’ కాబట్టి 2, ప్రభావం ‘చాలా ఎక్కువ’ కాబట్టి 5. మొత్తం 10. సిమెంటు, ఇనుము ధరలు పెరిగి 12 లక్షలు అదనంగా పడే అవకాశం 60 శాతం. సంభావ్యత 4, ప్రభావం 3. మొత్తం 12. పట్టిక ప్రకారం ముందు చూసుకోవాల్సింది సిమెంటు ధర. అన్నదమ్ములను అడిగితే అందుకు తలకిందులుగా చెబుతారు. 12 లక్షలు వాళ్లు భరించగలిగినవి, 3 వారాలు భరించలేనివి.

ప్రభావానికి 1, 2, 3, 4, 5 బదులు 1, 2, 4, 8, 16 వేసి చూడండి. ఎన్ఓసీకి 2 ఇంటూ 16, అంటే 32. సిమెంటుకు 4 ఇంటూ 4, అంటే 16. వరుస సరిపోయింది. పెద్ద దెబ్బకు భయపడేవారి మనసు అంకెల్లోకి ఇలా వస్తుంది. పీఎంబాక్ నమూనా మాత్రికలోనూ ప్రభావం అంకెలు 0.05 నుంచి 0.80 వరకు రెట్టింపవుతూనే పోతాయి. చాలామంది గీతలను ఎత్తి రాసుకుంటారు గానీ ఈ రెట్టింపును గమనించరు. నా దృష్టిలో ఎత్తి రాసుకోదగ్గది అదొక్కటే.

చివరగా థ్రెషోల్డ్, ఏ మార్కు దగ్గర కదలాలన్నది. వీళ్లు 20 అని పెట్టుకున్నారనుకుందాం. 32 వచ్చిన ఎన్ఓసీకి వెంటనే ఒక బాధ్యుడు, ఒక గడువు కావాలి. దరఖాస్తు ముందుగా పెట్టడం, నీళ్ల ట్యాంకు, పంపు, అత్యవసర ద్వారాల పని తనిఖీకి ముందే ముగించడం అతని పని. 16 దగ్గర ఆగిన సిమెంటును పక్కన పెట్టిన కంటింజెన్సీ సొమ్ముకు వదిలేసి గమనిస్తూ ఉంటారు.

ఈ గీతకో లోపం ఉంది. పైకప్పు బిగించేటప్పుడు కూలీ కింద పడే ప్రమాదానికి సంభావ్యత 1 అనుకుంటే, ప్రభావం 16 అయినా మొత్తం 16 దాటదు. గుణకారం దాన్ని గీత కింద దాచేస్తుంది. ప్రాణాల విషయంలో అపెటైట్ లేదని ముందే చెప్పారు కాబట్టి, భద్రతలో ‘చాలా ఎక్కువ’ పడిన ఏ రిస్కైనా మార్కుతో నిమిత్తం లేకుండా యజమానుల ముందుకు రావాలని ప్లానులో విడిగా రాయాలి.

గీతలు తప్పు పడ్డాయని పట్టుకోవడం కష్టం కాదు. పాతిక రిస్కులు రాస్తే అన్నీ పచ్చగానో, అన్నీ ఎర్రగానో ఉంటే కొలబద్ద ఆ ప్రాజెక్టుది కాదు. ఆకుపచ్చలో ఉన్న ఒక రిస్కు పేరు చెప్పగానే యజమాని ఉలిక్కిపడితే, సరిచేయాల్సింది గీతనే. డిసెంబరు వచ్చేసరికి మిగిలే వ్యవధి కరిగిపోతుంది. జులైలో ‘మధ్యస్థం’ అనుకున్న 5 రోజులు అప్పుడు అలా ఉండవు. అందుకే నెలకోసారి రిస్కులతోపాటు గీతలనూ మళ్లీ చూడాలి.

మీ చేతికి ఎవరైనా రంగుల రిస్క్ పట్టిక ఇస్తే, రంగులు చూసేముందు ఒకటి అడగండి. ఈ ‘చాలా ఎక్కువ’ దగ్గర రాసిన అంకె ఎవరు చెప్పారు, ఏ తేదీన ఒప్పుకున్నారు? జవాబు రాకపోతే ఆ పట్టికపై సంతకం పెట్టకండి.