చెరువు కట్ట మీద పాఠం

ఏడో తరగతి పిల్లలు నలభై మందిని ఊరి చెరువు దగ్గరికి తీసుకెళ్లాలని ఒక టీచరు అనుకున్నారనుకుందాం. చాలా బడుల్లో ఇది ఒకేలా జరుగుతుంది. పిల్లలు వరసగా నడిచి వెళ్తారు. కట్ట మీద నిలబెట్టి, పుస్తకంలో ఉన్న సంగతులే టీచరు మళ్లీ చెబుతారు. ఒక ఫొటో తీసుకుంటారు. తిరిగొచ్చాక ‘చెరువు గురించి పది వాక్యాలు రాయండి’ అంటారు. చెరువు మొహం చూడని పిల్లవాడు కూడా ఆ పది వాక్యాలు రాసేయగలడు. అలాంటప్పుడు అంత దూరం నడిపించి ప్రయోజనమేముంది?

అందుకే పర్యటన పథకం ప్రశ్నతో మొదలవ్వాలి. అక్కడికి వెళ్తే తప్ప జవాబు దొరకని ప్రశ్న ఒకటి కావాలి. మన చెరువుకైతే ఇది సరిపోతుంది: ‘తూము తెరిస్తే ఎకరం పొలం తడవడానికి ఎంతసేపు పడుతుంది? చివరి పొలం దాకా నీళ్లు పోతాయా?’ మిగతా పనులన్నీ దీని చుట్టూ అల్లుకోవాలి. పాకాల, రామప్ప లాంటి కాకతీయుల నాటి చెరువులకు బస్సు మాట్లాడుకుని వెళ్లడం మంచిదే. కానీ ఈ పాఠానికి మాత్రం నడిచి వెళ్లగలిగే ఊరి చెరువే మేలు. ఆ నీళ్లతో పండే పొలాలు పిల్లల ఇళ్లవాళ్లవే కాబట్టి అడగడానికి మనుషులుంటారు, మళ్లీ వెళ్లి చూసుకోవడానికీ వీలుంటుంది.

వెళ్లే ముందు చేయాల్సిన పని గురించి ఇజ్రాయెల్‌కు చెందిన భూశాస్త్ర విద్యా పరిశోధకుడు నీర్ ఓరియన్ 1990లలో వివరంగా రాశారు. కొత్త చోటికి వెళ్లిన పిల్లల దృష్టిని మూడు రకాల కొత్తదనం లాగేస్తుందని ఆయన చెప్పారు: విషయం కొత్త, చోటు కొత్త, బయట పాఠం చదవడమనే అనుభవమే కొత్త. ఈ మూడింటినీ తరగతిలోనే వీలైనంత తగ్గిస్తే, అక్కడ చూడాల్సిన దాని మీద మనసు నిలుస్తుంది.

మన టీచరు దీన్ని రెండు పీరియడ్లలో చేయవచ్చు. మొదటి పీరియడ్‌లో ఎవరికి వాళ్లు చెరువు పటాన్ని గుర్తున్నంతవరకు గీయాలి. కట్ట, తూము, అలుగు, కాలువ, ఆయకట్టు ఎక్కడెక్కడ ఉన్నాయో పెట్టమనాలి. రోజూ ఆ దారినే వచ్చే పిల్లలు కూడా తూమును కట్ట పైన, అలుగును చెరువు మధ్యలో గీసేయవచ్చు. వాటిని అప్పుడే దిద్దకూడదు. తేదీ వేసి దాచిపెట్టాలి. రెండో పీరియడ్‌లో అక్కడ చేయబోయే కొలతలను బడి ఆవరణలోనే ఒకసారి చేయించాలి. ఎక్కడ కూర్చుంటారు, ఎప్పుడు తింటారు, మూత్రానికి ఎక్కడికి వెళ్లాలి అన్నవీ ముందే చెప్పేస్తే పిల్లలకు సగం ఆదుర్దా తగ్గుతుంది.

టీచరు ఒక్కరే ఒక వారం ముందు, అదే వేళకు వెళ్లి చూసి రావాలి. కట్ట ఎక్కడ వెడల్పుగా ఉంది, నీడ ఎక్కడుంది, తేనెపట్టు గానీ కుక్కలు గానీ ఉన్నాయా అన్నవి గమనించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ రోజు తూము తెరిచి ఉంటుందో లేదో రైతులను అడగాలి. కాలువ ఎండిపోయి ఉంటే ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. నాట్లు పడి, కాలువలు పారుతున్న రోజులు అనుకూలం. తల్లిదండ్రుల అనుమతి, ప్రథమ చికిత్స పెట్టె, తోడు పెద్దలు ఎలాగూ ఉండాల్సిందే. నీటి అంచుకు పిల్లలు వెళ్లకూడదన్న నియమానికి మినహాయింపు ఉండకూడదు.

అక్కడ మొదటి పది నిమిషాలు పెన్ను, కాగితం లేకుండా చూడనివ్వాలి. తర్వాత ఎనిమిదేసి మందిగా అయిదు జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక్కో పని ఇవ్వాలి. అందరినీ అన్ని చోట్లకూ తిప్పితే ఎవరికీ ఏదీ సరిగ్గా చూసే తీరిక ఉండదు. ఒక్కో జట్టు ఒక్కటే చూసొస్తే, మర్నాడు తరగతిలో ఒకరి సంగతి ఒకరికి అవసరమవుతుంది.

ఒక జట్టు కట్ట పొడవును అడుగులతో కొలుస్తుంది. ఇంకొకటి శిఖంలో ఏముందో, ఎవరు దేనికి వాడుకుంటున్నారో రాసుకుంటుంది. అలుగు జట్టుకు తాపీమేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు ఇవ్వాలి. అలుగు పారని రోజున, పైపు ఒక కొసను తోడొచ్చిన పెద్దవాళ్లు అలుగు అంచు దగ్గర పట్టుకుంటారు. రెండో కొస దగ్గర కట్ట పైభాగం ఎంత ఎత్తులో ఉందో పిల్లలు చూస్తారు. పైపులో గాలిబుడగ ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి రెండుసార్లు చూడాలి. అలుగు కట్ట కంటే ఎందుకు కిందుగా ఉంది, పైగా ఉంటే వాన బాగా పడిన రోజున కట్టకు ఏమవుతుంది అన్నది వాళ్లు తేల్చాల్సిన విషయం.

కాలువ జట్టు పని అన్నిటికంటే రసవత్తరమైంది. కాలువ తిన్నగా ఉన్న చోట గట్టు మీద పది మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టాలి. పైన ఒక ఎండుపుల్ల వేసి, గుర్తు నుంచి గుర్తుకు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. మూడుసార్లు చేసి సగటు తీసుకోవాలి. పుల్ల గడ్డికి తట్టుకుంటే ఆ సారి లెక్కలోకి రాదు. వెడల్పు, లోతు పెద్దవాళ్లు కొలిచి చెబుతారు. ఉదాహరణకు వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 20, పట్టిన సమయం 25 సెకన్లు అనుకుందాం.

అయిదో జట్టు రైతునో, నీళ్లు వదిలే నీరటినో కలుస్తుంది. ప్రశ్నలు రాసుకుని వెళ్లాలి గానీ, ఆ కాగితమే చదువుతూ కూర్చోకూడదు. ‘తాతా, తూము తెరవాలని ఎవరు చెబుతారు?’ అని అడిగితే వచ్చే జవాబులోంచే తర్వాతి ప్రశ్న పుట్టాలి. ‘చివరి మడికి మీ చిన్నప్పుడు ఎన్ని రోజులకు నీళ్లొచ్చేవి, ఇప్పుడెన్ని రోజులకు?’ అని అడిగిన పిల్లకు పుస్తకంలో లేని సంగతి దొరుకుతుంది.

తరగతిలో కొనసాగింపు మర్నాడే జరగాలి. వారం ఆగితే గుర్తున్నది చెదిరిపోయి, రాతలు ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టు అయిపోతాయి. అందరి నోట్సులో అవే వాక్యాలు, ‘బాగా ఎంజాయ్ చేశాం’ అన్న ముగింపు కనబడితే పర్యటన విఫలమైనట్టే లెక్క.

ముందు కాలువ జట్టు లెక్క చెప్పాలి. 25 సెకన్లలో పది మీటర్లంటే సెకనుకు 0.4 మీటర్లు. వెడల్పు, లోతు, వేగం గుణిస్తే సెకనుకు 48 లీటర్లు. పైన నీరు వేగంగా, అడుగున నెమ్మదిగా పారుతుంది కాబట్టి 0.85తో గుణించి, సుమారు 41 లీటర్లు అనుకోవాలి. ఎకరం 4,047 చదరపు మీటర్లు. దాని మీద అయిదు సెంటీమీటర్ల నీరు నిలవాలంటే దాదాపు రెండు లక్షల లీటర్లు కావాలి. 41తో భాగిస్తే గంటా ఇరవై నిమిషాలు. యాభై ఎకరాలకు మూడు రోజులకు దగ్గర.

ఇప్పుడు అయిదో జట్టు లేచి, చివరి పొలాలకు అసలు నీళ్లే రావడం లేదని రైతు అన్నాడని చెప్పిందనుకోండి. తరగతిలో అసలు చర్చ అక్కడ మొదలవుతుంది. లెక్క తప్పా, రైతు మాట తప్పా? ఈ లెక్కలో నేల పీల్చుకునే నీళ్లు లేవు, మట్టి కాలువలో ఇంకిపోయేవి లేవు, పూడిక లేదు, పైపొలాల వాళ్లు ముందే మళ్లించుకునేవి లేవు. ఇవన్నీ టీచరు చెప్పేయకూడదు. ‘నీళ్లు ఎక్కడ పోయాయి?’ అని ఒక్క ప్రశ్న వేసి, శిఖం జట్టునూ కట్ట జట్టునూ మాట్లాడనివ్వాలి.

చివరగా ఎవరి పటం వాళ్లకిచ్చి, పక్కనే మళ్లీ గీయమనాలి. తూము అడుగుకు దిగిందా, అలుగు కట్ట కొసకు చేరిందా అన్నది చూసి మార్కులు వేస్తే, పది వాక్యాల కంటే నిజాయితీగా ఉంటుంది. తేలని ప్రశ్నలను గోడ మీద అలాగే ఉంచి, ఏప్రిల్‌లో చెరువు ఎండాక రెండోసారి వెళ్తే, నీళ్లలో మునిగి కనబడని తూము నోరూ, దాని చుట్టూ పేరుకున్న పూడికా చూసి, కర్ర పెట్టి కొలుచుకుని రావచ్చు.