నడుమ గొంతు, పక్కల డోళ్లు

భద్రాచలం ఏజెన్సీలో కొమ్ము కోయ ఆటను దగ్గరగా చూసినవాళ్లకు ఏ శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో గుర్తుండిపోతుంది. కొమ్ముల తలపాగాలు పెట్టుకున్న మగవాళ్లు మెడలో డోళ్లు వేసుకుని వాయిస్తుంటారు. ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని, రేల పాట అందుకుని వరుసగా అడుగులు వేస్తారు. ఎడమ పక్క డోలు మోగితే కుడి పక్క డోలు అందుకుంటుంది, మధ్యలో పాట సాగుతుంది. అదే ఆటను ఒక్క మైకుతో రికార్డు చేసి వింటే అన్నీ ఒకేచోట కుప్ప పోసినట్టు వినిపిస్తాయి. డోలు డోలుగానే ఉంటుంది కానీ అది ఎటు ఉందో తెలియదు.

రెండు మైకులు దూరదూరంగా పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో వింటే నిజంగానే బాగుంటుంది. ఇబ్బంది ఆ పాట మళ్లీ ఊరికి చేరినప్పుడు మొదలవుతుంది. గూడెంలో దాన్ని వినేది చాలావరకు ఒకే స్పీకరున్న ఫోన్‌లో, లేదంటే పండగ పందిట్లో కట్టిన మైకుసెట్టులో. అక్కడ రెండు చానళ్లూ కలిసి ఒకటవుతాయి. ఒక మైకుకంటే రెండో మైకు డోలుకు 34 సెంటీమీటర్లు దూరంగా ఉంటే, శబ్దం దాన్ని చేరడానికి సుమారు ఒక మిల్లీసెకను ఆలస్యమవుతుంది. ఆ రెండింటినీ కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి లేచినప్పుడు రెండోది కిందికి దిగుతుంది. రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. డోలు డొల్లగా, గొంతు గొట్టంలోంచి వచ్చినట్టుగా వినిపిస్తుంది.

ఈ చిక్కు లేని పద్ధతే మిడ్-సైడ్. ఇందులోనూ మైకులు రెండే, కాకపోతే రెండూ ఒకే చోట, ఒకదాని తలపై ఒకటి ఉంటాయి. మొదటిది మిడ్ మైకు. దాన్ని పాడేవాళ్లకు ఎదురుగా తిప్పుతాం. అది ఎదుటి శబ్దాన్ని బాగా, పక్క శబ్దాన్ని సగం తీసుకుంటుంది, వెనక శబ్దాన్ని దాదాపు వదిలేస్తుంది. రెండోది సైడ్ మైకు. దాని వినికిడి ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది కనుక ఫిగర్ ఎయిట్ అంటారు. అది ఎడమనూ కుడినీ వింటుంది కానీ ఎదురుగా ఉన్నదాన్ని వినదు. అసలు కీలకం ఇంకొకటి: ఎడమ నుంచి వచ్చిన శబ్దాన్ని అది కూడిక గుర్తుతోనూ, కుడి నుంచి వచ్చినదాన్ని తీసివేత గుర్తుతోనూ నమోదు చేస్తుంది. స్టీరియోను మొత్తం, తేడా అనే రెండు సంకేతాలుగా చూడటం ఇంగ్లండులో అలన్ బ్లుమ్‌లైన్ 1931లో దాఖలు చేసిన పేటెంటులోనే ఉంది.

వినేటప్పుడు చేసే లెక్క చిన్నది.

```
L = M + S
R = M - S
```

ఆటకు ఎదురుగా మైకులు నిలబెట్టామనుకుందాం. సరిగ్గా నడుమ ఉన్న పాటగత్తె గొంతు M లో 1, S లో 0. ఎడమకు 1, కుడికి 1 వెళ్తాయి, కాబట్టి గొంతు నడుమే నిలుస్తుంది. ఎడమ పక్క 45 డిగ్రీల కోణంలో ఉన్న డోలు M లో 0.85, S లో 0.71 వస్తుంది. ఎడమకు 1.56, కుడికి 0.14 అందుతాయి. డోలు స్పష్టంగా ఎడమకు జరిగింది. కుడి డోలుకు S గుర్తు తిరగబడుతుంది కనుక అది కుడికి వెళ్తుంది.

ఇప్పుడు S లెవెల్‌ను సగానికి తగ్గించండి. అదే ఎడమ డోలు ఎడమలో 1.20, కుడిలో 0.50 అవుతుంది. ఇంకా ఎడమనే ఉంది కానీ నడుమకు దగ్గరైంది. S ను పూర్తిగా తీసేస్తే రెండు వైపులా 0.85, అంటే డోలు వచ్చి గొంతు పక్కనే కూర్చుంటుంది. రికార్డింగు వెడల్పవడమూ ఇరుకవడమూ అంటే ఇదే. పాట నడుమ నుంచి కదలదు, పక్కవి మాత్రం దగ్గరకో దూరానికో జరుగుతాయి. ఈ నిర్ణయం ఆట దగ్గరే తీసుకోనక్కర్లేదు, ఇంటికొచ్చాక ఒక్క ఫేడరుతో తీసుకోవచ్చు.

S ను రెండింతలు చేస్తే మాత్రం ఎడమలో 2.27, కుడిలో -0.57 వస్తాయి. కుడిలోని ఆ తీసివేత గుర్తుకు అర్థం, ఎడమ స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే కుడి స్పీకరు వెనక్కి లాగుతోందని. అప్పుడు డోలు ఇంకా ఎడమకు పోయినట్టుండదు, ఎక్కడుందో చెప్పలేనట్టు ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో చెవుల మధ్య ఏదో నొక్కినట్టనిపిస్తుంది. వెడల్పుకు హద్దు దాటామని చెప్పే గుర్తు అదే.

ఒకే స్పీకరు మీద ఏమవుతుంది? L, R కలపండి. 1.56, 0.14 కలిపితే 1.70. 1.20, 0.50 కలిపినా 1.70. 2.27 లోంచి 0.57 పోయినా 1.70. S ఎంత పెంచినా, ఎంత తగ్గించినా కలిపినప్పుడు అది తనను తానే కొట్టేసుకుని రెండింతల M మిగులుతుంది. గూడెంలోని ఫోనుకు చేరేది మిడ్ మైకు విన్నదే, డొల్లతనం లేకుండా. ఎఫ్ఎం స్టీరియో ప్రసారం కూడా ఈ లెక్క మీదే నడుస్తుంది. మొత్తం ప్రధానంగా వెళ్తుంది, తేడా 38 కిలోహెర్ట్జ్ మీద విడిగా వెళ్తుంది. అడవి లోపలికి పోయేకొద్దీ ముందు గరగరలాడేది ఆ తేడా భాగమే. అందుకే చాలా రేడియోలు దాన్ని వదిలేసి మోనోకు దిగిపోతాయి, పాట మాత్రం ఆగదు.

ముందే స్టీరియోగా ఉన్న రికార్డింగును కూడా ఇలా విడదీయవచ్చు.

```
M = (L + R) / 2
S = (L - R) / 2
```

S ను సవరించి మళ్లీ L, R గా కలుపుకోవచ్చు. అయితే S లో ఉండేది డోళ్లు మాత్రమే కాదు. పక్కల నుంచి వచ్చే కీచురాళ్ల రొద, గాలి, జనం మాటలు, గోడల ప్రతిధ్వని అన్నీ అందులోనే ఉంటాయి. S పెంచితే అవీ పెరుగుతాయి, పాడే మనిషి వెనక్కి జరిగినట్టనిపిస్తుంది. ఇక ఒకే మైకుతో తీసిన పాత రికార్డింగులో L, R ఒకటే కనుక S సున్నా. సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే.

అందుకే ఏ పాటకు ఎంత వెడల్పు అన్నది ఆ పాటే చెప్పాలి. మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య డోలు వాయిస్తూ కోయ వంశాల కథలు, వీరగాథలు పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు, 2024లో కన్నుమూశారు. అలాంటి గానంలో గొంతూ డోలూ ఒకే మనిషి దగ్గర ఉంటాయి, అంటే దాదాపు అంతా M లోనే. అక్కడ S తెచ్చేది చుట్టూ ఉన్న చోటునే. దాన్ని కొద్దిగా ఉంచితే ఊరు వినిపిస్తుంది, పెంచితే కథ మాటలు మసకబారతాయి. కొమ్ము ఆటలో అయితే S సగం కంటే తగ్గితే డోళ్ల బదులాట పోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో చేసేటప్పుడు సైడ్ ట్రాకును రెండు కాపీలు చేసి, ఒకటి పూర్తిగా ఎడమకు, మరొకటి పూర్తిగా కుడికి పెట్టి, కుడి కాపీకి పోలారిటీ తిప్పాలి. రెండింటి లెవెల్ ఒకటే ఉండాలి. సరిగా ఉందో లేదో చూడటానికి M ను ఆపి, మొత్తాన్ని మోనోలో వినండి. ఏమీ వినిపించకూడదు. ఏదైనా వినిపిస్తే రెండు కాపీల లెవెల్ కలవలేదు, లేదా పోలారిటీ తిరగలేదు. ఇంకో తప్పు ఈ పరీక్షకు దొరకదు: సైడ్ మైకు ముందు ముఖం ఎడమకు బదులు కుడికి ఉంటే డోళ్లు అటుదిటు అవుతాయి. అందుకే రికార్డు మొదలవగానే మైకులకు ఎడమ వైపు నిలబడి చప్పట్లు కొట్టి, "ఎడమ" అని చెప్పండి. ఆ ఒక్క మాట టేపులో ఉంటే, ఎన్నేళ్ల తర్వాత ఎవరు తెరిచినా ఏ డోలు ఎటు ఉందో తెలుసుకోగలరు.