ఏజెంట్ ప్రొఫైల్‌లో ఏం చూడాలి?

"ఏళ్ల అనుభవం, నమ్మకమైన సేవ" అన్న ప్రొఫైల్ వల్ల కొనేవాళ్లకు తెలిసేదేమీ లేదు. మియాపూర్ ఏజెంటు ఒకరు ఇలా రాశారనుకుందాం: "మెట్రోకు నడిచి పది నిమిషాలు. వేసవిలో ఈ వీధికి నీళ్ల ట్యాంకర్ తప్పదు." లోపం కూడా చెప్పారు కాబట్టి మిగతా మాటలూ నమ్మబుద్ధవుతుంది.

పూర్తయిన డీల్స్‌కూ వివరం కావాలి: ఏ కాలనీ, ఎన్ని చదరపు అడుగులు, అడిగిన ధరెంత, కుదిరిన ధరెంత, రిజిస్ట్రేషన్ ఏ నెలలో అయింది. అమ్మకం జరిగిందని ఈసీలో తెలుస్తుంది గానీ, అది కుదిర్చిన ఏజెంటు ఎవరో తెలియదు. అందుకే పాత కొనుగోలుదారుతో మాట్లాడించమని అడగాలి.

రెరాలో నమోదైన ప్రాజెక్టుల ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటుకు 2016 చట్టం ప్రకారం రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్రొఫైల్‌లోని ఆ నంబరును తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో సరిచూసుకున్నాకే అడ్వాన్సు మాట ఎత్తాలి.