లైన్ అకౌంట్ బాకీ అడిగే ఉత్తరం

చాలా పత్రికల్లో మండల విలేకరికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బిస్తారు. దాన్నే లైన్ అకౌంట్ అంటారు. ఒక కాలమ్ వెడల్పులో ఒక సెంటీమీటరు ఎత్తున వస్తే ఒక కాలమ్ సెంటీమీటరు. మూడు కాలమ్‌ల వార్త 12 సెంటీమీటర్లు దిగితే 36 అన్నమాట.

నాలుగు నెలలు డబ్బు రాకపోతే విలేకరి సాధారణంగా చేసేది "సార్, కాస్త చూడండి" అని ఫోన్లో అడగడం. న్యూస్ ఎడిటర్ మంచివాడైనా ఆ మాటతో ఏమీ చేయలేడు. డబ్బిచ్చేది అకౌంట్స్ విభాగం, దానికి లెక్క కావాలి. కాబట్టి ఆయన సంతకం పెట్టి నేరుగా పంపగలిగేలా ఉత్తరం ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. సెంటీమీటరుకు 4 రూపాయలు, ఫొటోకు 50 అనుకుందాం.

"న్యూస్ ఎడిటర్ గారికి నమస్కారం. జనవరి నుంచి మార్చి వరకు నావి 1,260 సెంటీమీటర్ల వార్తలు, 18 ఫొటోలు వచ్చాయి. వాటికి 5,940 రూపాయలు. డెస్క్ చెప్పగా వెళ్లిన వరద వార్తకు పెట్రోలు 640. మొత్తం 6,580లో 1,500 అందింది. మిగతా 5,080 ఈ నెలాఖరులోగా ఇప్పించగలరు. తేదీ, పేజీ, శీర్షిక, కొలతలతో జాబితా, కటింగులు జతపరిచాను."

ఇక్కడ తగాదా వచ్చేది కొలత దగ్గరే. శీర్షికను, ఫొటో ఆక్రమించిన చోటును లెక్కలో కలుపుతారా లేదా? విలేకరి కలిపి, ఆఫీసు తీసేసి కొలిస్తే, అదే వార్తకు రెండు మొత్తాలు వస్తాయి. తాను ఎలా కొలిచాడో విలేకరి జాబితా పైనే రాయాలి.

ఇక ముందు పనికి షరతులు. అన్నిటికన్నా బాధపెట్టేది డెస్క్ పురమాయించి తర్వాత వేయని వార్త. అచ్చయితేనే డబ్బన్న పద్ధతిలో విలేకరి రోజు, పెట్రోలు రెండూ పోతాయి. అందుకే ఉత్తరంలో ఇలా అడగాలి: "మీరు చెప్పి పంపిన వార్త ఆగిపోతే ఖర్చులతో పాటు ఎంత ఇస్తారో చెప్పగలరు. ఫోన్లో చెప్పిన పనిని ఒక్క మెసేజ్‌గా కూడా పంపగలరు." ప్రకటనల వసూలు బాకీని వార్తల డబ్బులోంచి కోసుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ రెండు ఖాతాలూ వేరుగా ఉంచమని కూడా అడగాలి.

ఉత్తరానికి రాతపూర్వక జవాబు రాబట్టుకోవడం ముఖ్యం. చేసిన పనికి డబ్బు కోసం దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం సాధారణంగా మూడేళ్ల గడువే ఇస్తుంది. విలేకరి ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ గడువు పెరగదు. గడువు దాటకముందే పత్రిక తరఫున బాధ్యులు "బాకీ ఉన్న మాట నిజమే" అని రాసి సంతకం చేస్తే మాత్రం, ఆ రోజు నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి.