కాదు, కాదు అంటే తలుపు తెరుచుకుంది

బ్యాంకు లాకరు తెరవాలంటే రెండు తాళంచెవులు కావాలి. ఒకటి మన దగ్గరుంటుంది, ఒకటి బ్యాంకు దగ్గర. ఏ ఒక్కటి తిప్పినా లాభం లేదు. మా మేనల్లుడు మైన్‌క్రాఫ్ట్‌ ఆటలో కట్టింది అలాంటిదే. రెండు మీటలూ వేస్తేనే ఇనుప తలుపు తెరుచుకుంటుంది.

"రెండు మీటల నుంచీ తీగ లాగి తలుపుకి కలిపితే సరి కదా," అన్నాను.

"అలా కలిపితే ఏ ఒక్కటి వేసినా తెరుచుకుంటుంది మామయ్యా," అన్నాడు.

నిజమే. రెండు కాలవలు ఒకే చెరువులో పడుతుంటే, ఏ కాలవలో నీరొచ్చినా చెరువుకి చేరుతుంది. అది 'ఇదైనా, అదైనా' అయింది. మనకి కావలసింది 'ఇదీ, అదీ'.

ఈ ఆటలో ప్రపంచమంతా ఘనాకారపు దిమ్మలే. నేల లోతుల్లో తవ్వితే రెడ్‌స్టోన్ అనే ఎర్రటి పొడి దొరుకుతుంది. దాన్ని ముగ్గు పోసినట్టు నేల మీద పోసుకుంటూ పోతే అదే కరెంటు తీగ. 2010 జూలైలో ఇది ఆటలోకి వచ్చింది. 'ఇదీ, అదీ' అనే దిమ్మ మాత్రం ఆటలో లేదు. ఉన్నది రెడ్‌స్టోన్ కాగడా. దాని స్వభావం తిరకాసు: మామూలుగా వెలుగుతూ ఉంటుంది, తాను అంటుకుని ఉన్న దిమ్మలోకి కరెంటు రాగానే ఆరిపోతుంది. ఔనంటే కాదంటుంది, కాదంటే ఔనంటుంది.

మావాడి తాళమంతా ఈ తిరకాసు మీదే నిలబడింది. మూడు దిమ్మలు వరసగా పెట్టాడు. ఎడమ దిమ్మ నెత్తిన ఒక కాగడా, కుడి దిమ్మ నెత్తిన ఒకటి, నడిమి దిమ్మ మీద చిటికెడు పొడి. ఎడమ, కుడి దిమ్మల వీపున చెరొక మీట. నడిమి దిమ్మ ముందువైపు మూడో కాగడా, దాని నుంచి తలుపు దాకా పొడి గీత.

మీటలు రెండూ ఆపి ఉంటే పై కాగడాలు రెండూ వెలుగుతుంటాయి. వాటి కరెంటు నడిమి పొడిలోకి, పొడి నుంచి నడిమి దిమ్మలోకి దిగుతుంది కాబట్టి మూడో కాగడా ఆరి ఉంటుంది. ఎడమ మీట వేస్తే ఎడమ కాగడా ఆరుతుంది. కుడిది ఇంకా వెలుగుతూనే ఉంది కాబట్టి తలుపు కదలదు. రెండో మీట కూడా వేస్తే పైన రెండూ ఆరతాయి, నడిమి పొడి చల్లబడుతుంది, మూడో కాగడా వెలుగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. 'ఇది లేదు' అన్నా, 'అది లేదు' అన్నా తలుపు మూసే ఉండాలి. ఆ మాటను తిరగేస్తే 'రెండూ ఉన్నాయి' అని. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో డీమోర్గన్ సూత్రమని నేను బట్టీ పట్టింది ఇదే. వెలిగే ఆరే కాగడాల్లో అప్పుడే చూసి ఉంటే బాగుండేది.

తాళం కుదిరాక తలుపును ఇరవై దిమ్మల దూరానికి మార్చాడు. ఇక తెరుచుకోలేదు. కాగడా నుంచి బయల్దేరిన కరెంటు బలం 15. పొడి గీతలో ఒక్కో దిమ్మ దాటేకొద్దీ ఒకటి తగ్గుతుంది. తప్పు ఎక్కడుందో కంటికే తెలుస్తుంది: దగ్గర ఎర్రగా మెరిసే పొడి పోనుపోను నల్లబడి, పదహారో దిమ్మ దగ్గర చచ్చిపోతుంది. అంతకు ముందే రిపీటర్ అనే పలక పెడితే బలం మళ్లీ 15 అవుతుంది. అయితే రిపీటర్ కనీసం సెకనులో పదోవంతు ఆలస్యం చేస్తుంది. కాగడా వెలగడానికైనా, ఆరడానికైనా అంతే సమయం.

ఇంకోసారి తలుపుకి పోయే గీత కాస్త వంకర తిరిగి నడిమి పొడిని తాకింది. మూడో కాగడా తన కరెంటుతో తననే ఆర్పుకోవడం, ఆరగానే మళ్లీ వెలగడం మొదలైంది. టపటపా కొట్టుకుని, కాసింత పొగ వదిలి, ఆరిపోయింది. మూడు సెకన్లలో ఎనిమిదిసార్లకు పైగా ఆరితే కాగడా అలా చతికిలబడుతుంది. పక్కపక్కన పోసిన పొడి గీతలు అడక్కుండానే కలిసిపోవడం ఈ ఆటలో నిత్యం ఉండే తలనొప్పి. రెంటి మధ్యా ఒక దిమ్మంత జాగా వదలాల్సిందే.

అదే కరెంటును తన దిమ్మకి కాక వేరే కాగడా దిమ్మకి పంపి, దాని కరెంటును దీనికి పంపితే కథ మారుతుంది. ఒకటి వెలిగితే రెండోది ఆరే ఉంటుంది. బటన్ నొక్కి ఒకసారి తిప్పితే, బటన్ వదిలినా అలాగే ఉండిపోతుంది. అంటే ఒక్క బిట్ జ్ఞాపకశక్తి అన్నమాట. ఆటగాళ్లు కూడికలు చేసే యంత్రాలనీ, ఏకంగా కంప్యూటర్లనీ కట్టింది ఇలాంటి ముక్కలు పేర్చే. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో కంప్యూటర్లో కూడా లెక్కలన్నీ నడిపింది ఒకే రకం గేటు, 'ఇదీ కాదు, అదీ కాదు' అనేది. మావాడి నడిమి దిమ్మ, ముందు కాగడా కలిసి చేసే పని సరిగ్గా అదే.

వేగం మాత్రం అడగకూడదు. ఎనిమిది బిట్ల కూడికలో చేతిలో మిగిలిన అంకె ఒక్కో స్థానంలో రెండు కాగడాలు దాటాలనుకుంటే, చివరిదాకా చేరడానికి సెకనున్నర పైనే.

మొన్న రిపీటర్లతో గడియారం కట్టి, ఆటలో దూరపు ఊరేదో చూసొచ్చాడు. వచ్చేసరికి గడియారం వెనకబడింది. ఎక్కడ తప్పు చేశానా అని గంటసేపు తీగలన్నీ వెతికాడు. తప్పేమీ లేదు. ఆటగాడు దూరం వెళ్లిపోతే ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని నడపడం ఆట మానేస్తుంది. వాడు తిరిగొచ్చే దాకా అక్కడ కాలమే కదలలేదు.